ఎడమ వైపు గీతలు

వంటింటి బల్ల దగ్గర,
ఆదివారం

సొట్టల డాక్టరమ్మకి,

ఫోన్లో అయితే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒక్కరమూ వినం. పాత అలవాటు ప్రకారం కాగితమే నయం.

బీమా కంపెనీలో సర్వేయరువి. ఏ సొట్ట ఎలా పడిందో చూడగానే తేల్చేస్తావు. నువ్వు బదిలీ మీద ఎప్పుడు వెళ్ళావో గాని, అప్పటినుంచీ నా బండి మీద ఎవడి కన్నో పడింది. మొన్న ఎడమ వైపు అద్దం మడిచి ఉంది. నిన్న ఎడమ తలుపు మీద జానెడు గీత. నేను ఆపినప్పుడు బండి నిక్షేపంలా ఉంది. సాయంత్రం బడి వదిలాక చూస్తే గీత!

నా అనుమానం లెక్కల మాస్టారి మీద. మా బడి భవనం కింద బళ్ళు పెట్టే చోట నా ఎడమ పక్కన సున్నం వేసిన స్తంభం, దానికి అవతల ఆయన బండి. కొత్తది, ముదురు ఎరుపు. దానిమీద దుమ్ము పడితే జేబురుమాలుతో తుడుస్తాడు. పక్కన నా పాత బండి ఉండటం ఆయనకి నామోషీ.

ఇక నా బండెక్కే ఇద్దరు మహాతల్లుల సంగతి చెప్తాను విను. ముందు సీట్లో సంగీతం టీచరు. గేటు మలుపు రాగానే "గో...డ... గో...డా..." అని రాగం తీస్తుంది. వెనక సీట్లోంచి సైన్సు టీచరు, "ఈవిడ బండిలో ఎడమ వైపు కూర్చోవాలంటే ముందు వీలునామా రాసుకోవాలి" అంటుంది. స్టాఫ్ రూములో నాకు పెట్టిన కొత్త పేరు 'గోడల కోడలు'. నేనూ నవ్వేస్తాను. ఇరవై ఏళ్ళుగా తోలుతున్నదాన్ని, నాకేం పట్టింపు?

మీ అన్నయ్యగారు కులాసా. ఆయనకి స్టీరింగు ఏ చేత్తో పట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు కాబట్టి నా డ్రైవింగు మీద ఒక్క విమర్శా లేదు. అదృష్టవంతురాలిని.

ఆ మాస్టారిని పట్టుకునే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పు.

నీ
రంగుల రాణి


యార్డు ఆఫీసు,
భోజనాల వేళ

డ్రాయింగు టీచరు గోడల కోడలు గారికి,

ఆహా, ఏం పేరు పెట్టారే! మీ స్టాఫ్ రూములో ఇంత సాహిత్యం ఉందని ఇప్పుడే తెలిసింది. నువ్వు అత్తారింటికి వెళ్ళినట్టు రోజూ గోడ దగ్గరికి వెళ్తున్నావన్నమాట.

ఇక్కడ నా కిటికీ బయట నుజ్జయిన బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి బండి యజమానీ నీలాగే చెప్తాడు: "నేను నిక్షేపంగా ఆపానండీ." అదేమిటో, ప్రపంచంలో బళ్ళన్నీ వాటంతట అవే సొట్టలు పడుతుంటాయి.

సరే, కేసు తీసుకుంటాను. ఆ గీతల ఫోటోలు పంపు. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా. గీతలో అంటుకున్న రంగు ఏమిటో గోరుతో గీకి చూడు. చక్రాల ఫోటోలు కూడా తియ్యి, నాలుగూ. నవ్వకు, నేను అడిగితే అడిగినట్టు చెయ్యాలి.

అన్నట్టు, అద్దం ముందుకి మడిచి ఉందా, వెనక్కా? పగుళ్ళున్నాయా? ఇంకొకటి. కుడి వైపు ఒక్క గీత కూడా లేదా? ఆ లెక్కల మాస్టారికి ఎడమంటే ఎందుకంత పగ?

సొట్టల డాక్టరు


మేడమీది గది,
వాన రోజు

సొట్టలూ,

ఫోటోలు దీంతో పాటే పెడుతున్నాను. అద్దం వెనక్కి మడిచి ఉంది. గీతలో తెల్లగా ఏదో అంటుకుంది, గీకితే పొడిగా రాలింది. కుడి వైపు శుభ్రంగా ఉంది. చక్రాల సంగతి నువ్వడిగాక చూశాను. ముందు ఎడమ టైరు పక్కభాగం ఉబ్బి, బుగ్గలో బత్తాయి పెట్టుకున్నట్టుంది. దాని రేకు మూత అంచంతా అరిగింది. అది కూడా మాస్టారి పనేనా? చక్రాలు కొరుకుతాడా మనిషి?

అసలు సంగతి ఇది కాదు. కుట్ర పెద్దది.

సైన్సు టీచరు ఈ వారం నుంచి నా బండెక్కడం మానేసింది. "డాక్టరు నడవమన్నాడు" అంది. సరే, నడిస్తే మంచిదే. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఎవరి బండిలోంచి దిగిందనుకున్నావు? ఆ ఎర్ర బండిలోంచే! నన్ను చూసి, "వాన వస్తుందేమోనని..." అని నసిగింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

అంటే ఆయన నా బండికి గీతలు పెట్టి, నా మీద జోకులు ప్రచారం చేసి, నా మనుషుల్ని తన బండి ఎక్కించుకుంటున్నాడు. ఎందుకంటావా? వచ్చే ఏడాది ఉపప్రధానోపాధ్యాయుల పదవి ఖాళీ అవుతుంది. మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇప్పుడు కలిసిందా లెక్క?

నేను ఊరుకోలేదు. నిన్న నాకు తరగతులు లేని పూటంతా ఎదుటి భవనం పై అంతస్తు కిటికీలో నిలబడి బండికి కాపలా కాశాను. ఒక్క పురుగు కూడా దాని దగ్గరికి రాలేదు. మాస్టారు మధ్యాహ్నం బండి తీసి, జాగ్రత్తగా వెనక్కి పోనిచ్చి వెళ్ళిపోయాడు. నేను కిందికి దిగి చూస్తే వెనక తలుపు మీద కొత్త గీత!

నా కళ్ళముందే ఎలా చేశాడంటావు?

రాణి


యార్డు ఆఫీసు,
శనివారం

రాణీ,

ఫోటోలు చూశాను. నా పద్ధతిలో చెప్తాను, ఓపిగ్గా చదువు.

కదులుతున్న బండి, కదలని వస్తువుని రాసుకుంటే గీత ముందు నుంచి వెనక్కి సాగుతుంది. ఒలిచిన పెయింటు వెనక చివర పోగవుతుంది. నీ గీతలన్నిట్లోనూ పోగు వెనకే ఉంది. ముందుకెళ్తున్నప్పుడు అద్దం దేనికైనా తగిలితే వెనక్కే ముడుచుకుంటుంది. మాస్టారు బండి వెనక్కి తీస్తూ రాసుకున్నా అద్దం వెనక్కే ముడుచుకుంటుంది కాబట్టి అదొక్కటే చాలదు. కానీ అప్పుడు నీ బండికి ఎరుపు అంటుకోవాలి. అంటుకున్నది సున్నం. పైగా మీ ఇద్దరి మధ్యా స్తంభం ఉందని నువ్వే రాశావు. స్తంభాన్ని దాటుకుని వచ్చి గీకాడా ఆయన?

ఇక టైరు. పక్కభాగం అలా ఉబ్బిందంటే లోపలి దారాలు తెగాయని. కాలిబాట అంచుకి చక్రం గట్టిగా కొట్టుకుంటే అలా అవుతుంది. ఆపి ఉన్న బండికి అవదు. అది ఎప్పుడైనా పేలిపోవచ్చు. రేపే మార్పించు, ఇది మాత్రం జోకు కాదు.

నువ్వు కాపలా కాసిన రోజు బండిని ఎవరూ ముట్టుకోలేదు. నిజమే. ఆ గీత పొద్దున నువ్వు ఆపేటప్పుడే పడి ఉంటుంది. నువ్వు దిగేది కుడి వైపు. ఎడమ వైపు చూడకుండా మెట్లెక్కి ఉంటావు.

ఇప్పుడు కొన్ని పిచ్చి ప్రశ్నలు. ఇంట్లో తలుపు చట్రాలకి భుజం తగులుతోందా? తగిలితే ఏ భుజం? చదివేటప్పుడు వాక్యం మొదలు దొరక్క తడుముకుంటున్నావా? మధ్యలో ఎప్పుడైనా విపరీతమైన తలనొప్పి వచ్చిందా?

ఎందుకడుగుతున్నానంటే... ఊరికే. మా కంపెనీ వాళ్ళు మరీ నష్టాల్లో ఉన్నారు, నిన్ను ముందే పసిగడదామని!

సొట్టలు


స్టాఫ్ రూము,
ఆఖరి గంట

సర్వేయరు గారికి,

నువ్వూ అటు వైపే చేరావన్నమాట.

స్నేహితురాలివి కదా అని ఫోటోలు పంపితే నాకే తీర్పు చెప్పావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని అనుకుంటావేమో గాని, నేనేం తడుముకోవడం లేదు. స్తంభమే తగిలిందనుకో. ఆ చోటు ఇరుకు. అంతే. టైరు మార్పించాను, నీ ముచ్చట తీరింది.

నీ పిచ్చి ప్రశ్నలకి జవాబులు: భుజం తగిలితే ఎడమదే తగులుతుంది, ఎందుకంటే మా వంటింటి తలుపు అటే ఉంది. పుస్తకంలో వాక్యం మొదలు దొరక్కపోతే కళ్ళజోడు మార్చాలి, నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. తలనొప్పి సెలవుల్లో ఒకరోజు వచ్చింది. గదంతా మసకబారినట్టయింది. పడుకుని లేచాక తగ్గింది. దానికీ స్తంభానికీ ఏమిటే సంబంధం?

ఇప్పుడు నేనడుగుతాను, జవాబు చెప్పు. మా ఇంట్లో ఏం జరుగుతోంది?

మొన్న రాత్రి భోజనం చేస్తున్నాను. మీ అన్నయ్యగారు వెనక నుంచి వచ్చి ఎంతకీ కూర్చోరు. "ఎదురుగా ఆ గడియారం చూస్తూ ఉండు" అన్నారు. చూస్తున్నాను. కాసేపటికి ముక్కు ముందు ఒక చెంచా ఊడిపడింది! గాల్లోంచి పుట్టుకొచ్చినట్టు. అదిరిపడ్డాను. తిరిగి చూస్తే ఆయన నా ఎడమ భుజం దగ్గర చెంచా పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఎంతసేపటి నుంచి ఉన్నారక్కడ?" అన్నాను. ఆయన మొహం పాలిపోయి ఉంది. "ఇదుగో, ఇప్పుడే" అన్నారు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం రాదు. తర్వాత కుడి వైపు నుంచి కూడా అలాగే చేశారు. అటు వైపు చెంచా భుజం దాటకముందే కనిపించింది.

ఆయనకి ఈ ఆటలు ఎవరు నేర్పారు? ఆయన జేబులో నీ ఆఫీసు కవరు ఉంది. నేను తియ్యలేదు, చదవలేదు. చొక్కా ఉతకడానికి తీస్తే అంచు కనిపించింది.

నాకు తెలియకుండా నా మొగుడికి నువ్వు ఉత్తరాలు రాయడం ఏమిటి? నా బండి లాక్కోవాలని ఎవరు ముందు అనుకున్నారు, నువ్వా, ఆయనా, లేక మీ ఇద్దరికీ లెక్కల మాస్టారు పాఠం చెప్పాడా?

డ్రాయింగు టీచరు


అద్దె గది,
ఉత్తరం అందిన రోజే

రాణీ,

తిట్టు. తిట్టాక ఇది చివరిదాకా చదువు. ఇందులో జోకు లేదు.

అవును, అన్నయ్యగారికి రాశాను. చెంచా పరీక్ష నేనే చెప్పాను. నీకు నేరుగా రాస్తే నవ్వేస్తావని భయపడ్డాను. నువ్వు నవ్వకపోతే నాకు ఏం రాయాలో తెలియదని ఇంకా భయపడ్డాను. ఆయన ఆ రాత్రే నాకు ఫోను చేశారు. "చెల్లెమ్మా, చెంచా చెవి దగ్గర పెట్టాను, బుగ్గ దగ్గర పెట్టాను, కంటి పక్కకి తెచ్చాను. దానికి తెలియలేదు. ముక్కు దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు" అన్నారు.

నీకు ఎడమ వైపు కనబడటం లేదే.

"కనబడకపోతే నాకు తెలియదా" అంటావు. తెలియదు. చీకటిగా ఉంటే తెలిసేది. నల్లటి మచ్చ ఉంటే తెలిసేది. అక్కడ ఏమీ ఉండదు. నీ తల వెనకాల ఏముందో నీకు నల్లగా కనిపిస్తుందా? అలాగే. మా యార్డుకి ఒకాయన బండి ఇలాగే ఒక పక్క గీతలతో పదేపదే వచ్చేది. ఇంటివాళ్ళంతా ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. ఆయన కథ ఎలా ముగిసిందో ఇప్పుడు రాయను.

నేను డాక్టర్ని కాదు. ఏ జబ్బో నాకు తెలియదు. ఆ తలనొప్పి సంగతి చదివాక నిద్ర పట్టలేదు. కంటి డాక్టరుకి చూపించు, ఆ తలనొప్పి గురించి చెప్పు. చెప్పకుండా రాకు. చూపించేదాకా తాళాలు ముట్టుకోకు.

ఇంకొక మాట. సైన్సు టీచరు నడవడం మొదలుపెట్టింది ఆరోగ్యం కోసం కాదు. ఆవిడ నీ బండిలో వెనక ఎడమ సీట్లో కూర్చునేది కదూ? స్తంభం ఎంత దగ్గరగా వస్తోందో ఆవిడకి తెలుసు. వీలునామా అన్నది నవ్వించడానికి కాదు. సంగీతం టీచరు తీసేది రాగం కాదు. "గోడ" అని చెప్తోంది. మామూలుగా చెప్తే నువ్వు నొచ్చుకుంటావని పాట కట్టింది. వాళ్ళు నవ్వేటప్పుడు కాళ్ళు నేలకి తన్నిపెట్టి కూర్చున్నారేమో ఎప్పుడైనా చూశావా?

నేను మాత్రం ఏం తక్కువ? మొదటి ఉత్తరం చదవగానే నాకు అనుమానం వచ్చింది. అత్తారిల్లు అని వెక్కిరించాను.

బండి తీయకు.

నీ


ఇంటి నుంచి

అందింది. నా బండి, నా కళ్ళు, నా సంగతి. మీ అన్నయ్యగారు తాళాలు దాచారు. రెండో జత నా దగ్గరుంది. ఆయనకి నువ్వు ఉత్తరం రాయనక్కరలేదు, నేనే చెప్పేశాను.

ఇకమీదట నాకు కూడా రాయనక్కరలేదు.


కంటి ఆసుపత్రి వరండా,
సాయంత్రం

సొట్టలూ,

రాయొద్దన్నది నేనే. మళ్ళీ మొదలుపెట్టేదీ నేనే.

నువ్వు చెప్పినట్టు వినలేదు. ఇవాళ పొద్దున బండి తీశాను. ఎవరెవరు నా మీద కుట్ర పన్నుతున్నారో వాళ్ళందరికీ చూపించాలనుకున్నాను. సంగీతం టీచరు గుమ్మంలో ఒక నిమిషం నిలబడి, మళ్ళీ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఆవిడ మొహం చూసి, "నీకూ నడకంటే ఇష్టం పుట్టిందా?" అని ఎత్తిపొడిచాను. ఆవిడ నవ్వింది. నవ్వుతూ తలుపు పిడి పట్టుకుంది. నీ ఉత్తరం చదివాను కాబట్టి ఆ చెయ్యి కనిపించింది. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. అది చూసి నాకు ఇంకా రోషం వచ్చింది.

బడి వీధి మలుపు తెలుసుగా, ఎడమకి తిరగాలి. దారి ఖాళీ. దేవుడి మీద ఒట్టు, ఖాళీగా ఉంది. తిప్పాను. ఆవిడ ఈసారి రాగం తియ్యలేదు. "ఆపు!" అని అరిచింది. అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. బ్రేకు మీద నిలబడిపోయాను. ముందు ఎడమ మూల ఏదో ఠంగుమంది.

దిగి చుట్టూ తిరిగి వెళ్తే ఒక పెద్దాయన రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. సైకిలు నడిపించుకుంటూ దాటుతున్నాడట. హ్యాండిలు మన బంపరుకి తగిలి ఆయన పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. పైకి లేచాడు, కాళ్ళు విదిలించి చూసుకున్నాడు. ఎముకలు బాగానే ఉన్నాయి. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాం, నిజంగానే ఏమీ కాలేదు. కానీ అక్కడ, రోడ్డు మీద, ఆయన నన్ను తిట్టలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు, "ఇంత పొడుగు మనిషిని కనబడలేదామ్మా నీకు?" అన్నాడు.

"కనబడలేదు" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి నేనే విన్నాను.

సంగీతం టీచరు కాలిబాట అంచున కూలబడి ఏడ్చింది. "రోజూ భయమే. సైన్సు టీచరు, నేనూ అనుకుంటూనే ఉన్నాం నీకు చెప్పాలని. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకున్నాం. నీ పదవికి అడ్డం వస్తుందేమో, నీకు కోపం వస్తుందేమో అని. నేను కూడా ఎక్కడం మానేస్తే నీకు గోడ చెప్పేవాళ్ళు ఉండరని ఎక్కుతున్నాను" అంది. నిన్న కూడా ఆవిడ మాస్టారి తరఫు మనిషేమోనని అనుమానపడ్డాను.

బండి అక్కడే వదిలేసి, మీ అన్నయ్యగారిని పిలిపించి ఇక్కడికి వచ్చాను.

డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూయమని, తన ముక్కు చూడమని, వేళ్ళు ఎన్ని అని అడిగింది. కుడి వైపు చెప్పాను. ఎడమ వైపు, "ఎప్పుడు చూపిస్తారు?" అన్నాను. అప్పటికే చూపించేసిందట. తర్వాత తెల్లటి గిన్నెలాంటి పరికరంలో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. నడిమి చుక్క చూస్తూ, ఎక్కడ వెలుగు మినుక్కుమంటే అక్కడ మీట నొక్కాలి. ఒక కన్నయ్యాక ఒకటి. పరికరం చాలాసేపు ఊరికే ఉన్నట్టనిపించింది. నేను నొక్కడానికి ఏమీ రావడం లేదు. వస్తూనే ఉన్నాయట. రెండు కళ్ళ బొమ్మలూ అచ్చువేసి ఇచ్చారు. రెండింట్లోనూ కుడి సగం తెలుపు, ఎడమ సగం నలుపు. గీత గీసినట్టు నడిమికి.

జబ్బు కంట్లో లేదంటే నమ్ముతావా? కళ్ళు బాగానే ఉన్నాయట. "రెండు కళ్ళకీ ఒకే పక్క పోయిందంటే చూడాల్సింది మెదడుని" అంది డాక్టరమ్మ. ఆ తలనొప్పి రోజు మెదడులో వెనకాల కుడి పక్క చిన్న రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చట. రేపు స్కాను. గుండె కూడా చూస్తారట, రక్తపు గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి కదా.

భయంగా ఉంది. మీ అన్నయ్యగారు నా ఎడమ పక్కన కూర్చుని ఉన్నారు. నాకు కనబడటం లేదు గాని చెయ్యి పట్టుకున్నారు కాబట్టి తెలుస్తోంది.

రాణి


రైల్లో

రాణీ,

బయల్దేరాను. ఈ ఉత్తరం కంటే ముందే నేను చేరతానేమో. అయినా చేతులు ఊరుకోక రాస్తున్నాను.

అన్నయ్యగారు ఫోను చేసి స్కాను సంగతి చెప్పారు. పాత మచ్చ ఒక్కటే, చిన్నది. గుండె కొట్టుకోవడంలో తాళం తప్పుతోందని, రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారని, కనిపెట్టకపోయి ఉంటే రెండోసారి ఇంకా పెద్దది వచ్చేదేమోనని అన్నారు. నేను రైల్వే స్టేషను బల్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్కనున్నావిడ మంచినీళ్ళిచ్చి, రైలు తప్పిపోయిందనుకుని ఓదార్చింది.

నీ మీద కోపం కూడా ఉంది. ఆ పెద్దాయన ఒక్క అడుగు ముందుకేసి ఉంటే? ఎదురుగా కూర్చుని అడుగుతాను, తప్పించుకోలేవు.

నీ
సొట్టలు


వంటింటి బల్ల దగ్గర,
చలికాలం

సొట్టలూ,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నువ్వు తిట్టిన తిట్లు మాత్రం ఇంకా గోడలకి అంటుకుని ఉన్నాయి.

నిన్న రెండోసారి ఆ గిన్నె పరీక్ష చేశారు. నలుపులో కింది అంచున కాస్త బూడిదరంగు వచ్చింది. డాక్టరమ్మ సంతోషించింది గాని ఆశ పెట్టలేదు. "మొదటి నెలల్లో వచ్చేదే ఎక్కువ, తర్వాత వచ్చేది తక్కువ. బండి మాత్రం వద్దు" అంది. తల ఎడమకి తిప్పి, కళ్ళని అటు చివరిదాకా పంపించడం నేర్పిస్తున్నారు. నడకకీ చదువుకీ అది చాలు. స్టీరింగుకి చాలదు. బండి అమ్మేశాం. కొన్నావిడ తోలుకుంటూ వెళ్తుంటే వీధి మలుపు దాకా చూశాను. అద్దం తళుక్కుమని మాయమైంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు ఫర్వాలేదు.

లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళి నా అనుమానమంతా చెప్పేశాను. ఆయన నోరు తెరిచాడు. "నేనే మీకు భయపడి స్తంభం అవతలికి జరిపించుకున్నానండీ" అన్నాడు. ఇప్పుడు రోజూ ఆయన బండిలోనే వెళ్తున్నాను. ముందు సీట్లో నేను, వెనక మన ఇద్దరు మహాతల్లులు.

మొన్న జరిగింది చెప్పాలి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

వంతెన మీద వెళ్తున్నాం. మాస్టారి ఫోను కుయ్యిమంది. తీశాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద, కళ్ళు ఒళ్ళో. ఏదో చదివి, బొటనవేలుతో జవాబు కొడుతున్నాడు. బండి మెల్లగా పక్కకి జారుతోంది. వెనక నుంచి సైన్సు టీచరు, "మాస్టారూ, ఈ వంతెన నేరుగా స్వర్గానికేనాండీ?" అంది. ఆయన పకపకా నవ్వి, "మధ్యలో స్టాపులు లేవు" అన్నాడు. సంగీతం టీచరు కూడా నవ్వింది. నాకూ నవ్వు వచ్చేసింది. గొంతు దాకా వచ్చింది.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అన్నాళ్ళూ నా వెనక సీట్లో ఉన్నది అదే.

"బండి పక్కకి ఆపండి" అన్నాను.

"ఏమైంది టీచరుగారూ, కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు. నాకు భయంగా ఉంది. మీరు ఫోను చూస్తూ తోలుతున్నారు. ఆపండి."

వంతెన దిగి పక్కన ఆపాడు. మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళుగా తోలుతున్నానండీ" అన్నాడు. అది ఎవరన్న మాటో గుర్తొచ్చింది. "జవాబు కొట్టడం అయ్యేదాకా ఇక్కడే ఉందాం. తొందరేం లేదు. కదిలే బండిలో మాత్రం వద్దు" అన్నాను. ఎవరూ నన్ను సమర్థించలేదు, ఎవరూ జోకూ వెయ్యలేదు. ఇలాంటి ఒక్క వాక్యం అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు. చెవులు మండిపోయాయి. దిగి నడిచి వెళ్ళిపోదామనిపించింది. వాళ్ళిద్దరి మీదా నాలో ఇంకా మిగిలిన కోపం ఏదైనా ఉంటే అది ఆ రోడ్డు పక్కనే దిగిపోయింది.

మాస్టారు ఫోను కట్టేసి, సీటు మీదుగా వెనక్కి చాపి సంగీతం టీచరు చేతిలో పెట్టాడు.

"బడికి వెళ్ళేదాకా మీ దగ్గరుంచండి" అన్నాడు.

బండి కదిలింది. ఎవరం నవ్వలేదు. హాయిగా ఉంది.

నీ
రాణి